మార్కులు వేసే చేతితోనే మార్గదర్శనమా?



నా పూర్వ విద్యార్థి ఒకడు కర్నూలు జిల్లాలో నాపరాయి పాలిష్ చేసి అమ్మే ఒక సంస్థకు మేనేజరు. రెండు వందల లోపు సిబ్బంది. అనుభవజ్ఞులను కొత్తవారితో జతపరచే ‘మెంటరింగ్’ పథకం పెడుతూ, దానికి తెలుగులో ఒక కరపత్రం రాసిమ్మన్నాడు. గురుశిష్య సంబంధం అన్న మాట అందులో తప్పక ఉండాలట! రాసిచ్చాను. ఆ తప్పుకు ప్రాయశ్చిత్తమే ఈ టపా.

పన్నెండు జతలు కట్టారు. ప్రతి జతలోనూ మెంటర్ ఆ జూనియర్‌కు పై అధికారే. పని తెలిసినవాడూ అతడే, పక్కనే ఉండేవాడూ అతడే. ఏడాది చివర పనితీరు నివేదిక రాసేవాడూ అతడే! పథకం ఆరు నెలల్లో చచ్చింది. కొత్తతరానికి వినయం లేదని పెద్దలు తీర్పు చెప్పారు. ఈ తీర్పును నేను ఖండిస్తున్నాను. లోపం పిల్లలది కాదు, జత కట్టిన పద్ధతిది.

జరిగినదేమిటో చూడండి. సరుకు పంపే విభాగంలో ఒక కుర్రవాడు మూడు వందల బండలకు బిల్లు రాశాడు. వాటిని వాడుకలో ‘రెండు బై రెండు’ అంటారు గనుక బండకు నాలుగు చదరపుటడుగుల చొప్పున 1,200 అడుగులు వేశాడు. కానీ అవి అంచులు కోసిన బండలు. కోత తర్వాత మిగిలింది 22 అంగుళాల చదరమే. అంటే బండకు సుమారు 3.36 అడుగులు, మొత్తం 1,008. కొన్నవాడు కొలిచి చూసి 192 అడుగుల సొమ్ము వెనక్కు ఇమ్మన్నాడు. కుర్రవాడికి ఆ అనుమానం ముందే వచ్చింది. వారం క్రితమే మెంటర్‌తో గంటసేపు కూర్చున్నాడు కూడా. మరెందుకు అడగలేదని నేనంటే, “అడిగితే ఈ మాత్రం తెలీదా అని రిపోర్టులో రాస్తాడేమోనని గమ్మునుంటి సార్” అన్నాడు.

ఈ భయం నాకు కొత్త కాదు. పండిత శిక్షణలో మా బోధనాభ్యాసాన్ని పర్యవేక్షించిన అధ్యాపకుడే మార్కులూ వేసేవారు. ఆయన వెనక బెంచీలో కూర్చున్న రోజున మేము బాగా వచ్చిన పాఠమే చెప్పేవాళ్ళం. రాని వ్యాకరణపాఠాన్ని మరునాటికి తోసేవాళ్ళం. తీర్పరి ముందు ఎవడూ తన అజ్ఞానాన్ని విప్పుకోడు. విప్పుకోనిదే మార్గదర్శనానికి పని లేదు.

పని నేర్పడం వేరు, మార్గదర్శనం వేరు. బండ కొలవడం నేర్పవలసింది పై అధికారే. అది అతని ఉద్యోగధర్మం. ఆ అధికారిని ఎలా అడగాలి, తప్పు జరిగితే ఎలా ఒప్పుకోవాలి, ఏ విభాగానికి మారితే ఎదుగుతాను అన్నవి మెంటర్‌తో మాట్లాడవలసినవి. క్యాథీ క్రామ్ 1985లో ఈ విషయంపై రాసిన గ్రంథంలో, మెంటర్ వృత్తిలో ఎదుగుదలకు తోడ్పడటమే కాక మనసుకు ఊతం కూడా కావాలని విడదీసి చూపారు. నివేదిక రాసే చేయి మొదటిది కొంత ఇవ్వవచ్చు, రెండవది ఇవ్వలేదు.

కనుక పథకాన్ని తిరిగి పెడుతున్న నా శిష్యుడికి నేను చెప్పినది ఇది. మెంటర్ వేరే విభాగం నుంచి రావాలి. హెచ్.ఆర్. విభాగం మూడు పేర్లిస్తే జూనియర్ ఒకరిని ఎంచుకోవాలి. ఎంపికను పూర్తిగా పరిచయాలకు వదిలేస్తే మన సీమలో ఏమవుతుందో మీకు తెలుసు: ఊరూ కులమూ చూసి ‘మనవాడు’ అన్న జతలే మిగులుతాయి. పక్షానికొక గంట, అదీ పనివేళల్లోనే. పన్నెండు జతలకు నెలకు నలభై ఎనిమిది పనిగంటలు ఖర్చని యజమాని ముందే ఒప్పుకోవాలి. మొదటి సమావేశంలోనే గోప్యత తేల్చుకోవాలి: ప్రాణాపాయం, మోసం తప్ప మరేదీ బయటికి పోరాదు. హెచ్.ఆర్.కు చేరవలసింది కలిసిన తేదీ మాత్రమే. మూడవ నెలలో ఇద్దరిలో ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. తొమ్మిదవ నెలలో పథకం ముగియాలి.

వేరే విభాగంవాడికి వీడి పని ఏం తెలుస్తుందని శిష్యుడు ఆక్షేపించాడు. తెలియకపోవడమే మేలు. తెలియనివాడు జవాబు చెప్పేయక ప్రశ్న అడుగుతాడు. ఆ కుర్రవాడు సొమ్ము వాపసు సంగతి చివరికి ఎవరితో చెప్పుకున్నాడనుకున్నారు? కోతయంత్రాల దగ్గరి ముసలి ఫోర్‌మన్‌తో. “మీ సారు దగ్గరికి నువ్వే ముందు పో, ఇంకొకరు చెప్పకముందే” అన్నాడట ఆయన. కాగితం మీద లేని ఆ జతే అసలైన మెంటరింగ్.

పథకం చెడుతోందని తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. కలిసిన తేదీలన్నీ నెలాఖరున ఒకే సిరాతో నింపి ఉంటే అక్కడ ఎవరూ కలవడం లేదు. ఇక జీతం చాలక వెళ్ళిపోయేవాడిని ఏ మెంటరూ ఆపలేడు. ఆ భారం ఈ పథకం మీద మోపకండి.

కరపత్రంలోంచి గురుశిష్యులన్న మాట కొట్టేయమన్నాను. విధేయతను కోరుకునేవాళ్ళు ఆ మాట వెనుక దాక్కోవడం నాకు ఇష్టం లేదు.

స్వస్తి.