“ఒకటి అడగొచ్చా సార్” అంటే భయం కాదు

“నమస్తే సార్” అంటారు. కాస్త ఆగుతారు. “ఒకటి అడగొచ్చా సార్?” అంటారు. ఏజెన్సీ బడుల్లో పనిచేసే మనందరం రోజూ వినే మాటే. దీని మీద స్టాఫ్‌రూముల్లో ఒక తీర్పు స్థిరపడిపోయింది. గూడెం పిల్లలకు ధైర్యం తక్కువట, సూటిగా అడగడం రాదట. ఈ తీర్పును మేము ఒప్పుకోం. ఆ మాట ఏం పని చేస్తుందో చూడకుండానే తీర్పు చెప్పేశారు.

మా గూడేల్లో పని మీద ఒకరింటికి వెళ్తే ముందు మంచం వాలుస్తారు, నీళ్లిస్తారు. వాన గురించి, పంట గురించి, పశువుల గురించి మాట్లాడతారు. ఆ తర్వాతే వచ్చిన పని బయటికొస్తుంది. అక్కడ “అడగొచ్చా” అని ఎవరూ అనరు. ఇచ్చిన నీళ్లే అనుమతి. అదే మనిషి ఆఫీసు గుమ్మం ముందు నిలబడితే కుర్చీ లేదు, నీళ్లు లేవు, ఎదుటివాడి చూపు కాగితం మీద. అప్పుడు మంచమూ నీళ్లూ చేసే పనంతా ఒక్క మాటతో చేసుకోవాలి. ఆ మాటే “ఒకటి అడగొచ్చా”. మీకిప్పుడు తీరికుందా, కసురుకుంటారా, నేను చెప్పేదాకా ఆగుతారా అన్నవి మూడూ అందులోనే ఉన్నాయి.

మూడోదే అసలైంది. మాటల తీరును పరిశీలించిన అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ 1980లో దీని మీద ఒక వ్యాసం రాశారు. “ఒక ప్రశ్న అడగొచ్చా” అన్నవాళ్లు చాలాసార్లు వెంటనే ప్రశ్న వేయరని, ముందు దానికి కావలసిన సంగతి చెబుతారని ఆయన చూపించారు. ఆయన విన్నవి ఇంగ్లీషు మాటలు. కాబట్టి ఇది అడవి పిల్లల బెరుకు అనేవాళ్లు ఇంకో కారణం వెతుక్కోవాలి.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సాయంత్రం స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడిందనుకుందాం. “నమస్తే సార్, ఒకటి అడగొచ్చా?” “ఏంటో తొందరగా చెప్పు.” “మా నాన్న మొన్న మీసేవకు వెళ్లాడు సార్...” “మీ నాన్న సంగతి ఎందుకు, ప్రశ్నేంటో అడుగు.” అమ్మాయి తల దించుకుని, “రేపు బడి ఉందా సార్?” అంటుంది. ఉందని ఆమెకు తెలుసు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగి పిల్ల వెళ్లిపోయిందంటే అసలు ప్రశ్న మన దగ్గరే చచ్చిపోయిందని గుర్తు.

అసలు ప్రశ్న ఇది. ఒకటో తరగతిలో చేర్చినప్పుడు అంచనాగా రాసిన పుట్టిన తేదీ బడి రిజిస్టర్లో ఒకటుంది, ఆధార్‌లో ఇంకొకటుంది. ఏది మార్చాలి, ఎవరిని అడగాలి? నాన్న మీసేవకు ఎందుకు వెళ్లాడో చెప్పకుండా ఈ ప్రశ్న అర్థమే కాదు. పదో తరగతి సర్టిఫికెట్ మీదికి ఎక్కేది బడిలో ఉన్న తేదీయే. పరీక్షల జాబితా పైకి పోకముందు సరిచూసుకోవడం తేలిక, పోయాక ఆఫీసుల చుట్టూ తిరగాలి. “తొందరగా చెప్పు” అన్న రెండు మాటల ఖరీదు అంత.

మరి ఎలా పిలవాలి? పెన్ను కింద పెట్టి అటు తిరగాలి. “రా అమ్మా, కూర్చో. ముందు సంగతి చెప్పు, తర్వాత అడుగుదువు” అనాలి. సంగతికి చోటుందని ఈ మాటతోనే ఆమెకు తెలుస్తుంది. తెలుగులో తడబడితే “ఇంట్లో మాటలో చెప్పు” అనాలి. ఆ భాష మనకు రాకపోతే, ఆమె సరేనంటే, వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. చెప్పడం ఆగిన చోట మనం వెంటనే అందుకోకూడదు. ఆ ఆగడం తర్వాతే చాలాసార్లు ప్రశ్న వస్తుంది. “ఇంత చిన్న విషయానికా” అనడం మంచి మనసుతో అన్నా దెబ్బే. రేపు పెద్ద విషయం తీసుకురాదు.

తరగతిలో “డౌట్లున్నాయా” అని అరిచి, ఎవరూ లేవలేదని పాఠం ముగించేవాళ్లున్నారు. అది పిలుపు కాదు, గంట కొట్టడం. “ఈ లెక్కలో ఎక్కడ ఆగిపోయారు?” అంటే చేతులు లేస్తాయి. ఆగిపోవడం మామూలేనని మనమే ముందు ఒప్పుకున్నాం కదా!

తీరిక లేని రోజులుంటాయి. తనిఖీకి అధికారులు వచ్చిన రోజు ఎవరు కూర్చోబెట్టగలరు? అప్పుడు “తర్వాత చూద్దాం” అనొద్దు. మా పెద్దలు ఆ మాటను ఆఫీసుల్లో ఎన్నిసార్లు విన్నారో పిల్లలకు తెలుసు. “అన్నం గంట తర్వాత చింతచెట్టు కిందికి రా” అని చెప్పాలి. చెప్పాక, ఆ పిల్ల కంటే ముందు మనం అక్కడ ఉండాలి.