రిమోట్లు రెండు, గుంటలు పన్నెండు మంది

మొన్న దసరా సెలవుల్లో మా భోగాపురం యూత్ క్లబ్బు వాళ్ళు పిల్లలకి వీడియో గేముల సాయంత్రం పెట్టారు. ప్రొజెక్టర్ ఒకటి, లాప్‌టాప్ ఒకటి, రిమోట్లు రెండు. (వాటిని కంట్రోలర్లనాలట. మా ఇంట్లో బటన్లున్నదేదైనా రిమోటే.) వచ్చిన పిల్లలు పన్నెండు మంది, పదమూడు నుంచి పదిహేడేళ్ళ లోపు వాళ్ళు. గోడ మీద అంత పెద్ద బొమ్మ పడగానే అందరూ ఓలమ్మో అని కేక పెట్టారు. గంట తిరిగేసరికి ఆడపిల్లలు ఐదుగురూ వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, చిన్నాళ్ళు ఇద్దరు ఫోన్లు తీశారు, లోపల నలుగురైదుగురు మగపిల్లలు మాత్రం ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మా అమ్మాయి ఇంటికొచ్చి "అక్కడ మాకేటి పనమ్మా, గోడ చూడ్డానికా?" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. రెండో సాయంత్రానికి ఆటలు నేను ఎంచుతానని మా మరిదిగారి అబ్బాయితో చెప్పాను. క్లబ్బు పనులు చూసేది వాడే. నవ్వాడు గానీ కాదనలేదు.

తప్పు ఫుట్‌బాల్‌ది కాదు, లెక్కది. ఇద్దరాడే ఆట, ఒక్కో మ్యాచ్ పదిహేను నిమిషాలు, పైగా గెలిచినవాడు కుర్చీ దిగడన్న నియమం. ఇంట్లో ఆ ఆట ఉన్న పిల్లడు గెలుస్తూనే ఉంటాడు, దిగడు. ఎప్పుడూ రిమోట్ పట్టని పిల్లకి పదిహేను నిమిషాలు దక్కుతాయి, ఓడిపోతుంది, లేచిపోతుంది. మళ్ళీ తన వంతు రావాలంటే గంట దాటుతుంది. నేర్చుకోవాల్సిన వాళ్ళకే ఆడే వీలు తక్కువ. అందుకే ఏ ఆట బాగుంటుందని పిల్లల్ని అడిగితే లాభం లేదంటాను. పేరు చెప్పేది ఇంట్లో ఆ ఆట ఉన్నవాడే కదా. మనం చూడాల్సింది ఒక్కటే: రిమోట్ చేతిలోంచి వెళ్ళాక మళ్ళీ ఎన్ని నిమిషాలకి చేతికొస్తుంది?

ఆ లెక్కతో వెతికితే నాకు దొరికింది వంట ఆట. ఓవర్‌కుక్డ్ 2 అని, 2018లో వచ్చింది. నలుగురు వంటవాళ్ళు ఒకే వంటింట్లో ఉంటారు. పైన ఆర్డర్లు పడుతుంటాయి, తరిగి, వండి, పళ్ళెంలో పెట్టి కిటికీ దగ్గర అందించాలి. ఒక్కో ఆట మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. గోడని నాలుగు ముక్కలు చెయ్యరు, అందరూ ఒకే బొమ్మలో తిరుగుతారు. ఇది చిన్న విషయం కాదు. కార్ల పందేల్లాంటి ఆటల్లో నలుగురాడితే తెర నాలుగు గళ్ళవుతుంది, వెనక వరసలో కూర్చున్న పిల్లకి ఆ గళ్ళలో ఏమీ ఆనదు.

అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి మరొకటుంది. ఈ ఆటలో ఒక్క రిమోట్‌ని ఇద్దరు పంచుకోవచ్చు. ఎడమవైపు పట్టుకున్నవాళ్ళు ఎడమ స్టిక్కుతో నడుస్తారు, ఎడమ పక్క పైనుండే బటన్లతో పట్టుకుంటారు, తరుగుతారు. కుడివైపు వాళ్ళకి కుడి స్టిక్కు, కుడి బటన్లు. వంటవాణ్ణి ఎంచుకునే చోటే ఇలా విడగొట్టుకోవాలి. అంటే మన రెండు రిమోట్లతో నలుగురు ఆడొచ్చు, కొత్తవి కొనక్కర్లేదు.

ఇక వంతులు. మొదట నేననుకున్నది ఆటకి ఒకరు దిగి ఒకరు ఎక్కడం. కాగితం మీద వేస్తే దాని లోపం తెలిసింది. మార్చుకునే నిమిషంతో కలిపి ఆటకి ఐదు నిమిషాలనుకోండి. ఒక్కొక్కరూ వరసగా నాలుగు ఆటలు, అంటే ఇరవై నిమిషాలు ఆడి, తర్వాత ఎనిమిది ఆటలు, అంటే నలభై నిమిషాలు కూర్చోవాలి. అదే నలుగురూ ఒకేసారి దిగి మరో నలుగురు ఎక్కితే ఐదు నిమిషాలు ఆట, పది నిమిషాలు విరామం. గంటన్నరలో పద్ధెనిమిది ఆటలు, ఒక్కొక్కరికి ఆరు. పది నిమిషాలైతే పిల్లలు గోడకేసి చూస్తారు. నలభై అయితే వరండాలోకి పోతారు.

ఆటల పేరు చెప్పగానే ఒక పెద్దపిల్లడు "ఏటి పిన్నీ, వంటాటా? మాకేటొద్దు" అన్నాడు. మొదటి మెట్టులో పని చేపా రొయ్యా తరిగి పళ్ళెంలో పెట్టి పంపడమే. ముక్కాం నుంచి వచ్చిన పిల్లడొకడు "పచ్చి సేపే ఎట్టేత్తన్నారేటి, ఉడకెట్టరా?" అని పడీపడీ నవ్వాడు. జపాన్ వాళ్ళు అలాగే తింటారని చెప్పాల్సొచ్చింది. వద్దన్న పెద్దపిల్లడు రెండో వంతుకే "రొయ్య నాకిచ్చీ, నువ్వు సేప సూసుకో" అని అరుస్తున్నాడు.

నాలుగైదు మెట్లు ఎక్కాక ఎంగిలి పళ్ళేలు వెనక్కి రావడం మొదలవుతుంది. వాటిని కడగాలి. మగపిల్లల జట్టు తరగడమే తరగడం, వండడమే వండడం. పొయ్యి మీద కూర సిద్ధంగా ఉంది, పెట్టడానికి కడిగిన పళ్ళెం ఒక్కటీ లేదు. పొయ్యి మీద వదిలేసింది కాసేపటికి మాడి మంటలంటుకుంది. ఆడపిల్లల జట్టులో ఒకమ్మాయి మొదట్నుంచీ సింకు దగ్గరే నిలబడింది, వాళ్ళ ఆర్డర్లు ఒక్కటీ పోలేదు. వెనక కూర్చున్న ఇద్దరు తల్లులం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఏమీ అన్లేదు. అనకుండానే మగపిల్లల్లో ఒకడు మూడో వంతులో సింకు తనదే అన్నాడు.

ఈ రిమోట్ పంచుకోవడంలో ఒక చిక్కుంది. ఒకే రిమోట్ ఇద్దరు పట్టుకోవాలంటే భుజాలు ఆనించుకుని కూర్చోవాలి. పదహారేళ్ళ ఆడపిల్లని, మగపిల్లణ్ణి మన ఊళ్ళో అలా కూర్చోమంటే ఇద్దరూ బిగుసుకుపోతారు, తల్లులు గుమ్మంలోకొస్తారు. నేను ఆ గొడవలోకి పోలేదు. ఒక రిమోట్ ఇద్దరు ఆడపిల్లలకి, ఇంకోటి ఇద్దరు మగపిల్లలకి ఇచ్చి, నలుగుర్నీ ఒకే వంటింట్లో వదిలాను. జట్టు కలిసింది, కుర్చీలు కలవలేదు. ఆడపిల్లలు ఐదుగురే కాబట్టి ఐదో అమ్మాయికి తమ్ముడు జతయ్యాడు. చేతులు పెద్దవైన పిల్లలకి మోచేతులు తగులుతాయి, అది మాత్రం భరించాల్సిందే.

ముందురోజు చేసుకోవాల్సిన పని కూడా చెప్తాను, లేకపోతే మొత్తం బూడిదలో పోసినట్టే. ఏ లాప్‌టాప్‌తో ఆడతారో దానిమీదే ఆట తెరిచి, ఏ ప్రొజెక్టర్ పెడతారో దానికే కలిపి చూడాలి. మొదటిరోజు మావాడు వైరు లేకుండా కలిపాడు. బటన్ నొక్కిన కాసేపటికి గోడ మీద మనిషి కదిలేవాడు. ఎప్పుడూ ఆడనివాళ్ళకి అది ఆలస్యమని తెలీదు, "నాకు చేతకాదు" అనుకుంటారు. స్టిక్కు ఇటు తిప్పి గోడకేసి చూడండి, తిప్పడానికీ కదలడానికీ మధ్య మీకు ఎడం తెలిస్తే పనికిరాదు. హెచ్‌డీఎంఐ వైరు వేశాం, పోయింది.

గంటన్నర తర్వాత ఆట మార్చాను. కెనడా వాళ్ళు 2015లో తెచ్చిన కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. ఆడడానికి ఒక్క మౌస్ చాలు. ఒకరికి తెర మీద బాంబు కనిపిస్తుంది, దాన్ని విప్పే పుస్తకం మాత్రం మిగతావాళ్ళ చేతిలో కాగితాల మీదుంటుంది. పుస్తకం bombmanual.com లో ఊరికే దొరుకుతుంది, 23 పేజీలు. చూసేవాళ్ళు పుస్తకం చూడకూడదు, పుస్తకం ఉన్నవాళ్ళు బాంబు చూడకూడదు, మాటలతోనే నడవాలి. ఒక తల్లి బాంబేమిటమ్మా అన్నారు. ఇందులో పేల్చేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళే అన్నాను.

మరి ప్రొజెక్టరో? పుస్తకం పట్టుకున్న ముగ్గుర్నీ గోడకి వీపు పెట్టి కూర్చోబెట్టాను. మిగతా ఎనిమిది మందికీ బాంబు కనిపిస్తుంది, నోరు మాత్రం ఎత్తకూడదు. అంతసేపు వాళ్ళు నోళ్ళు మూసుకుని ఉండడం నేనింతవరకు చూడలేదు.

పుస్తకం ఇంగ్లీషు. సర్కారు బడి పిల్లలు తడబడతారని మొదటి బాంబుకి కావలసిన పేజీలు ముందు రాత్రి నేనే తెలుగులో రాసిపెట్టాను. తీగల పేజీ ఇలా నడుస్తుంది. తీగలు మూడే ఉండి, ఎర్రది ఒక్కటీ లేకపోతే రెండోది కత్తిరించాలి. ఉంటే ఇంకో నియమం చూడాలి. మొదటి పిల్లడు కనబడ్డదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు, ఐదు నిమిషాల గడియారంలో ఒక నిమిషం అక్కడే అయిపోయింది. తర్వాత వీపు తిప్పి కూర్చున్న ఒకమ్మాయి అతన్ని ఆపింది. "తీగలెన్ని?" "మూడు." "ఎర్రది ఉందా?" "లేదు." "పైనుంచి రెండోది కోసీ." పసుపు, నీలం, తెలుపు తీగల్లో నీలం తెగింది, పచ్చదీపం వెలిగింది. మొదటిరోజు వరండాలో కూర్చున్న పిల్లే ఆమె.

పచ్చదీపమన్నాను చూడండి, అక్కడే మా తెలుగు మమ్మల్ని ముంచింది. తర్వాతి మెట్లలో రంగులు మెరిసే పెట్టె ఒకటొస్తుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. మెరిసిన రంగుని బట్టి పట్టిక చూసి మనం ఏ రంగు నొక్కాలో చెప్పాలి. విమానాశ్రయం పనుల మీదొచ్చిన కుటుంబం పిల్లడు ఒడియా, హిందీ కలిపి మాట్లాడతాడు గానీ రంగుల దగ్గర తడబడలేదు. మావాడే "పచ్చ మెరిసింది" అన్నాడు. వాడన్నది పసుపు, మన ఇళ్ళల్లో పచ్చచీర అంటామే ఆ పచ్చ. పుస్తకం పట్టుకున్న పిల్ల ఆకుపచ్చ అనుకుంది. వాళ్ళ బాంబుకి ఆకుపచ్చ మెరిస్తే ఆకుపచ్చే నొక్కాలి, పసుపు మెరిస్తే ఎరుపు. నొక్కమంది, తప్పు పడింది, గడియారం వేగం పెరిగింది. మూడు తప్పులైతే పేలుతుంది. మళ్ళీ అదే పచ్చ, మళ్ళీ అదే తప్పు. మూడోసారి పేలాక అందరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు, బియ్యే తెలుగు చదివిన నేను ముందే ఈ మాట రాసుకోనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. కాగితం పైన పెద్దక్షరాలతో రాశాను: పచ్చ అనకూడదు. పసుపు అనండి, ఆకు అనండి.

తర్వాతి జట్టు ఆ బాంబుని ఇరవై రెండు సెకన్లు మిగిలుండగా ఆపింది. తొమ్మిదికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది గానీ గోడ చీకటైపోయింది. ఒక్కరు బాంబు చూస్తే చాలు కదా, ప్రొజెక్టర్ లేకుండానే ఇంకో ఆట ఆడారు, ఫోన్ లైట్ల కింద కాగితాలు పెట్టుకుని. ఫుట్‌బాల్ గెలిచే పిల్లడు మళ్ళీ ఫుట్‌బాల్ ఎప్పుడని అడిగాడు. శనివారం పెట్టుకోమన్నాను, ఒక్కో మ్యాచ్ నాలుగు నిమిషాలకి కుదించి, గెలిచినా ఓడినా ఇద్దరూ దిగేలా. ఆలోచిస్తానన్నాడు.