"430 కొనాలి" అని ఆపేయకండి
సంఘాల కొనుగోలు తీర్మానంలో ఒక్క వాక్యం మార్చమని విన్నపం

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు చేసి అమ్ముకునే మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, కొనుగోలు కమిటీ సభ్యులకు, మనకు సరుకిచ్చే హోల్‌సేల్ వ్యాపారులకు ఈ విన్నపం.

నేను మా సంఘం లెక్కల పుస్తకం రాస్తాను. ఆవకాయ సీజను ముందు మేం అరకిలో ప్లాస్టిక్ జార్లు కొన్నాం. వచ్చిన ఆర్డర్లు కూడితే 430 అయ్యాయి. మీటింగులో "430 జార్లు కొనాలి" అని తీర్మానం రాశాం, అందరం సంతకాలు పెట్టాం. ఇద్దరు సభ్యులు టౌనుకు వెళ్లి తెచ్చారు. బిల్లు 6,450 రూపాయలు. జారుకు 15 రూపాయల చొప్పున, లెక్క సరిగ్గానే ఉంది.

ఆ రాత్రి పుస్తకంలో ఎక్కిస్తూ బిల్లు వెనక్కి తిప్పాను. షాపువాళ్లు స్లాబు రేట్లు అచ్చు వేసి ఉంచారు. 100 లోపు కొంటే జారు 18 రూపాయలు. 100 నుంచి 499 దాకా 15. 500 నుంచి 999 దాకా పన్నెండున్నర. 1,000, ఆపైన 11. నేను కాగితం మీద 500ని పన్నెండున్నరతో గుణించాను. 6,250 వచ్చింది. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ వేశాను. అంతే వచ్చింది. 70 జార్లు తక్కువ తెచ్చుకుని, 200 రూపాయలు ఎక్కువ కట్టి వచ్చాం.

మర్నాడు షాపుకు ఫోన్ చేశాను. "అమ్మా, మీరు 430 అని రాసిచ్చారు, నేను 430కే బిల్లు వేశాను" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అతని మాటలో తప్పు లేదు. వెళ్లిన ఇద్దరిలో ఒకామెను అడిగితే, "గోడ మీద రేట్లు నేనూ చూశానక్కా. కానీ తీర్మానంలో 430 అని ఉంది కదా, 500 తెస్తే ఎవరిని అడిగి తెచ్చావంటారని భయమేసింది" అంది. ఆమెదీ తప్పు కాదు. మేం రాసుకున్న వాక్యమే ఆమె చేతులు కట్టేసింది. ఈ కరపత్రం ఆ వాక్యం గురించే.

ఇలా ఎందుకు జరుగుతుందో ముందు చెబుతాను. ఈ రకం స్లాబు రేటులో 500వ జారు తీసుకోగానే తగ్గింపు ఆ ఒక్క జారుకే కాదు, మొదటి జారు నుంచి అన్నిటికీ వర్తిస్తుంది. అందుకే 499 దగ్గర బిల్లు 7,485 రూపాయలుంటే, ఇంకొక్క జారు కలిపితే 6,250కి పడిపోతుంది. ఒక్క జారు తక్కువ కొన్నందుకు 1,235 రూపాయలు ఎక్కువ! ప్రతి స్లాబు గీతకూ కాస్త ముందు ఇలాంటి గొయ్యి ఒకటి ఉంటుంది. ఆ గొయ్యిలో ఉన్న ఏ సంఖ్య కొన్నా పై స్లాబు మొదటి సంఖ్య కంటే ఎక్కువే కడతాం.

గొయ్యి ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి సెల్‌ఫోన్లో ఉండే మామూలు క్యాలిక్యులేటర్ చాలు. పై స్లాబు మొదటి సంఖ్యను ఆ స్లాబు రేటుతో గుణించండి. వచ్చినదాన్ని మీకిప్పుడు పడుతున్న రేటుతో భాగించండి. మా జార్లకైతే 500 పన్నెండున్నరలు 6,250. దాన్ని 15తో భాగిస్తే 416 చిల్లర. అంటే 416 జార్ల దాకా కావలసినన్నే కొంటే తక్కువ పడుతుంది. 417 కావాలన్నా, 490 కావాలన్నా 500 తీసుకోవడమే చౌక. అదే కాగితం మీద కింది గీత దగ్గర చూస్తే 84 నుంచే 100 కొనడం మేలు. పై గీత దగ్గర 880కి రెండూ సమానం. 881 కావాల్సినవాళ్లు 1,000 కొనాలి.

గొయ్యిలో ఉన్నప్పుడు మిగిలే జార్లు ఏం చేయాలన్న ప్రశ్నే పుట్టదు. ఆ 70 జార్లూ ఎవరికైనా ఊరికే ఇచ్చేసినా మాకు 200 మిగిలేది. ఈ మాట మీటింగులో చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. "ఎక్కువ కొంటే ఎక్కువే అవుతుంది కదమ్మా" అంది ఒక పెద్దావిడ. రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించాకే ఒప్పుకుంది.

గొయ్యికి బయట ఉన్నప్పుడే నిజంగా ఆలోచించాలి. మీకు 400 కావాలనుకోండి. 15 చొప్పున 6,000 అవుతుంది. 500 కొంటే 6,250. పైన పెట్టేది 250, పైన వచ్చేవి 100 జార్లు. ఒక్కో అదనపు జారు రెండున్నర రూపాయలకే పడింది. చౌకే, కానీ అవి వాడితేనే చౌక. మూడు నెలల్లో వాడతామంటే, నూటికి రూపాయి వడ్డీకి తెచ్చిన డబ్బైనా ఆ 250 మీద పడే వడ్డీ ఏడున్నర రూపాయలు. కొనేయవచ్చు. మళ్లీ సీజను దాకా అటక మీద పడి ఉంటాయంటే వద్దు. అదే 300 కావాల్సినవాళ్లు 500కి ఎగబాకితే 1,750 పైన పెట్టి 200 జార్లు నెత్తిన వేసుకున్నట్టు. గీత దూరమయ్యేకొద్దీ అదనపు సరుకు ధర పెరుగుతుంది. అందుకే ప్రతిసారీ లెక్క వేయమంటున్నాను. ఎప్పుడూ ఎక్కువే కొనమనడం లేదు.

సరుకును బట్టి కూడా నిర్ణయం మారుతుంది. జార్లు, మూతలు పాడవవు. నువ్వుల నూనె నిలవ ఉంటే కనరు వాసన వస్తుంది, కారం రంగు తగ్గుతుంది, పురుగు పడుతుంది. లేబుళ్లు చెడిపోకపోయినా, వాటి మీద ధర, చిరునామా, లైసెన్సు నంబరు ముందే అచ్చు వేయించి ఉంటే, అందులో ఏది మారినా కట్టలు కట్టలు చెత్తబుట్టకే. ఇలాంటివి గొయ్యిలో ఉంటేనే పై స్లాబుకు వెళ్లండి. బయట ఉంటే వెళ్లొద్దు.

షాపులో డబ్బు కట్టే ముందు ఒక మాట తప్పకుండా అడగండి: "ఈ రేటు మొత్తానికా, దాటినవాటికేనా?" కొందరు వ్యాపారులు 500 దాటిన జార్లకే తక్కువ రేటు వేస్తారు, కిందివాటికి పాత రేటే ఉంచుతారు. ఆదాయపు పన్ను స్లాబులు అలాగే పనిచేస్తాయి, దాటిన భాగానికే కొత్త రేటు. అలాంటి చోట గొయ్యి ఉండదు, ఎక్కువ కొంటే బిల్లు ఎప్పుడూ పెరుగుతుంది. ఈ కరపత్రంలోని లెక్క అక్కడ వేస్తే మోసపోతాం. అరకిలో, పావుకిలో జార్లు కలిపి లెక్కిస్తారో, విడివిడిగానో కూడా అడగండి. ఆటో కిరాయి ట్రిప్పుకైతే లెక్క మారదు. బస్తాకు ఇంత అని తీసుకునే పార్శిల్ సర్వీసైతే పెరిగే బస్తా కిరాయి కూడా పై స్లాబు మొత్తానికి కలపండి. జీఎస్టీ రెండు వైపులా ఒకే శాతం కాబట్టి గొయ్యి చోటు మారదు.

పక్క సంఘంతో కలిస్తే లాభం ఇంకా పెద్దది. మాకు 430, పక్క ఊరి సంఘానికి 470 కావాలనుకుందాం. విడివిడిగా కొంటే 6,450, 7,050, మొత్తం 13,500. కలిపితే 900. అదీ గొయ్యిలోనే ఉంది కాబట్టి 1,000 తీసుకుంటే 11,000. రెండు సంఘాలకూ కలిపి 2,500 మిగులు, పైగా 100 జార్లు ఎక్కువ. ఇక్కడే తగాదాలు వస్తాయి. ఆ 100 ఎవరివి, ఎవరి ఇంట్లో పెడతారు, బిల్లు ఎవరి పేరున అన్నవి జార్లు కొనక ముందే రెండు తీర్మానాల్లోనూ రాసుకోవాలి. చెరి 50 అనుకుంటే సరిపోతుంది. మాకు 480, వాళ్లకు 520 వస్తాయి, జారుకు 11 చొప్పున మేం 5,280, వాళ్లు 5,720 కట్టాలి.

ఇక అసలు కోరిక. తీర్మానంలో "430 జార్లు కొనాలి" అని ఆపేయకండి. ఇలా రాయండి:

"430 జార్లు అవసరం. పై స్లాబులో ఎక్కువ జార్లు ఇంతకంటే తక్కువ మొత్తానికి, లేదా అదే మొత్తానికి వస్తే, కొనుగోలుకు వెళ్లిన సభ్యులు ఆ స్లాబు మొదటి సంఖ్య మేరకు కొనవచ్చు. రెండు లెక్కలూ రాసిన కాగితం బిల్లుకు జత చేయాలి. మిగిలిన జార్లు స్టాకు పుస్తకంలో ఎక్కించాలి."

ఈ నాలుగు వాక్యాలు ఉంటే వెళ్లిన సభ్యురాలికి భయం ఉండదు. ఆడిటు చేసేవారు "అవసరానికి మించి ఎందుకు కొన్నారు?" అంటే బిల్లుతోపాటే జవాబు ఉంటుంది. మిగిలినవి స్టాకులో కనిపిస్తాయి కాబట్టి ఎవరింటికో పోయాయన్న మాట రాదు. గొయ్యి బయట ఉన్న సందర్భాలకు ఈ అధికారం ఇవ్వకండి. అక్కడ డబ్బు ఎక్కువ పెడుతున్నాం కాబట్టి మీటింగులోనే తేల్చుకోవాలి.

వ్యాపారులకు ఒక మనవి. మీ స్లాబు రేట్లు న్యాయమైనవే. 500 ఒక్కసారి కట్టి లోడు చేయడానికీ, పదిసార్లు 50 చొప్పున లెక్కపెట్టి ఇవ్వడానికీ కూలి తేడా ఉంటుందని మాకు తెలుసు. కానీ 430 అడిగినవాళ్లు 500 కంటే ఎక్కువ కడుతున్నారని బిల్లు వేసే మీకు ముందే తెలుస్తుంది. "అమ్మా, 500 తీసుకుంటే మీకే తక్కువ" అని ఒక్క మాట చెప్పండి. 70 జార్లు స్టాకులో లేకపోతే 430కే 6,250 బిల్లు వేయండి. రేట్ల పట్టిక బిల్లు వెనకో, గోడ మీదో కాదు, కౌంటరు ముందు పెట్టండి. అలా చెప్పిన షాపుకు మేం మళ్లీ వస్తాం, పక్క సంఘాన్నీ తీసుకొస్తాం.

అక్కచెల్లెళ్లారా, వచ్చే మీటింగుకు మీ పాత బిల్లులు తీసుకురండి. ప్రతి బిల్లు పక్కనా పై స్లాబు మొదటి సంఖ్యను దాని రేటుతో గుణించి రాయండి. మా సంఘం గత రెండేళ్ల బిల్లులు ఇలా చూస్తే జార్లలో ఒకసారి, కవర్లలో రెండుసార్లు గొయ్యిలో పడ్డామని తేలింది. పైన చెప్పిన వాక్యాలు మా తీర్మానం పుస్తకంలో ఎక్కించాం. మీరూ ఎక్కించండి.

ఇట్లు,
సంఘం లెక్కల పుస్తకం రాసే మీ సోదరి