ఖాళీ స్థలానికి కాపలా ఎలా?

కాపురం హైదరాబాద్‌లో, మీ పేరున కొన్న 200 గజాల స్థలం గుంటూరు శివార్లలో. చూసి మూడేళ్లయింది. కబ్జాదారుల కన్ను పడేది ఇలాంటి వాటిమీదే!

ఖాళీ స్థలం హక్కు ఎవరిదైతే స్వాధీనమూ వారిదేనని సుప్రీంకోర్టు 2008లో ఒక తీర్పులో చెప్పింది. అయితే ఎవరో రేకుల షెడ్డు వేసుకున్నాక ఆ ధీమా చాలదు. స్వాధీనం కోసం దావా వేయాల్సిందే. అదీ ఆరు నెలల్లోపు వేస్తే, హక్కు ఎవరిదన్న పెద్ద విచారణ లేకుండానే స్థలం తిరిగి ఇప్పించమని అడగొచ్చు. గడువు దాటితే హక్కు నిరూపించుకుంటూ ఏళ్ల తరబడి తిరగాలి. పన్నెండేళ్లు ఊరుకుంటే హక్కుకే ముప్పు.

అందుకే మూడు నెలలకోసారైనా వెళ్లిరండి. ముందు సర్వేయరుతో హద్దులు కొలిపించండి. లేకపోతే కంచె పక్కవారి స్థలంలోకి జరిగి, కొత్త తగాదా మొదలవుతుంది. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు స్థలానికి 20 రాతి స్తంభాలు, ముళ్లతీగ, తాళం వేసే గేటు సరిపోతాయి. బోర్డు మీద మీ పేరు, ప్లాటు నెంబరు, సర్వే నెంబరు, ఫోన్ నెంబరు రాయించండి.

వెళ్లినప్పుడల్లా తేదీ పడేలా నాలుగు మూలలా ఫొటోలు తీయండి. పెరికిన స్తంభం, కొత్త హద్దురాయి, ఇసుక కుప్ప కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆ రోజే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. ఈసీ కూడా తీయించండి. దొంగ రిజిస్ట్రేషన్ జరిగితే కంచె చెప్పదు, ఈసీ చెబుతుంది.