ఇరవై నాలుగు వేలతో ఎంత ధీమా?

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పనిచేసే ఒక గుమాస్తాను ఊహించుకుందాం. వయసు 28, జీతం 25 వేలు. భార్య, చిన్నపాప, తల్లిదండ్రులు అతని మీదే ఆధారం. మూడు లక్షల అప్పుంది. బీమాకు నెలకు రెండు వేలకు మించి తీయలేడు.

ఏడాదికి ఆ 24 వేలను ఇరవై ఏళ్ల ఎండోమెంట్ పాలసీకి కడితే బీమా మొత్తం దాదాపు ఐదు లక్షలు వస్తుంది. మూడో ఏట అతను పోతే ఆ ఐదు లక్షలు, కొద్దిపాటి బోనస్ ఇంటికి చేరతాయి. అప్పు తీర్చాక మిగిలే డబ్బుతో నెలకు 18 వేల ఖర్చున్న ఇల్లు ఏడాది గడవడం కష్టం. అదే 50 లక్షల టర్మ్ పాలసీకి ఏటా తొమ్మిది వేలు పడిందనుకుందాం. అప్పు పోను 47 లక్షలు ఉంటాయి. ఆరున్నర శాతం వడ్డీకి వేసినా నెలకు 25 వేలు వస్తాయి.

అతను బతికుంటే? ఇక్కడ నిజాయితీగా లెక్క చెప్పాలి. ఎండోమెంట్ రాబడి ఐదారు శాతం ఉంటే ఇరవై ఏళ్లకు దాదాపు ఎనిమిది లక్షల ముప్పై వేల నుంచి తొమ్మిది లక్షల ముప్పై ఐదు వేల వరకు చేతికొస్తాయి. టర్మ్ పోను మిగిలిన 15 వేలను ఏటా పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పటి 7.1 శాతం వడ్డీ కొనసాగితే, వచ్చేది ఆరున్నర లక్షల పైచిలుకే. అంటే దాదాపు లక్షా డెబ్బై వేల నుంచి రెండు లక్షల డెబ్బై వేల వరకు తగ్గుతుంది. ఇంట్లో మరో సంపాదన లేనివాడికి పదిరెట్ల రక్షణ కోసం ఆ తగ్గుదల ఒప్పుకోదగ్గదే అని నా అభిప్రాయం.

కొల్లేటి లంకల్లో చిక్కు వేరు. చెరువు కాపలాదారుకు జీతం చీటీ ఉండదు. చాలా కంపెనీలు టర్మ్ పాలసీకి ఆదాయపు రుజువు, చదువు అడుగుతాయి. ఆ రుజువులు అక్కర్లేని ఎండోమెంట్‌తోనే ఏజెంటు గడపదాకా వస్తాడు. ఇలాంటి వారి కోసమే బీమా నియంత్రణ సంస్థ 2021 జనవరి నుంచి 'సరళ్ జీవన్ బీమా'ను అన్ని కంపెనీలకూ తప్పనిసరి చేసింది. వృత్తి, చదువు ఆంక్షలు లేకుండా 5 నుంచి 25 లక్షల వరకు టర్మ్ రక్షణ ఇది. ప్రీమియం కాస్త ఎక్కువే. మొదటి 45 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే బీమా మొత్తం ఇస్తారు. అదీ అందనివారికి బ్యాంకులో ఏటా 436 రూపాయలకు రెండు లక్షల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది.

టర్మ్‌కు ఒక కఠినమైన గుణముంది: గడువు, ఆపై ఇచ్చే వెసులుబాటు రోజులు దాటితే రక్షణ పోతుంది, పైసా తిరిగి రాదు. అందుకే నెలనెలా కాక, చెరువు పట్టుబడి డబ్బు వచ్చే కాలానికి వార్షిక ప్రీమియం పడేలా పెట్టుకోవాలి. గుట్కా, సిగరెట్ అలవాటు, పాత జబ్బులు దరఖాస్తులో దాచొద్దు. మూడేళ్లలోపు అది బయటపడితే క్లెయిము తిరస్కరించవచ్చు.

ఇప్పటికే ఎండోమెంట్ కడుతున్నవారు తొందరపడి మానొద్దు. టర్మ్ పాలసీ చేతికొచ్చాకే పాతదాన్ని కొనసాగించాలా, పెయిడప్ చేయాలా, సరెండర్ చేయాలా అన్నది బ్రాంచిలో లెక్క రాయించుకుని తేల్చుకోండి.