హాజరీ పుస్తకం: రజా చీటీలో ఏం రాయాలె

లగ్గాల నెలలు వచ్చినయంటే మన సోలాపూర్ గల్లీల్లో ఒక్కటే మాట. "రజా ఇస్తలేరు." సిరిసిల్లలో మేనకోడలి పెళ్లి, కరీంనగర్‌లో బావమరిది ఇంటి గృహప్రవేశం, ఊర్లో పెద్దమ్మ దినాలు. మన చుట్టాలంతా అక్కడ, మన మగ్గాలూ ఫ్రేములూ ఇక్కడ. ఒక్కరోజు రజాతో ఏ పనీ కాదు. హైదరాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, పోయిరావడానికే రెండు రోజులు పోతయి. అందుకే మనకు కావలసింది ఐదారు రోజుల రజా. మిల్లులో అన్నిటికంటే కష్టంగా దొరికేది కూడా అదే.

నేను చాలా ఏండ్లు ఒక స్పిన్నింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో హాజరీ రాసినోణ్ణి. రజా చీటీలు ముందుగా నా టేబుల్ మీదికే వచ్చేవి. అక్కడ కూర్చుని చూస్తే తెలిసిందేమంటే, ఎంత పెద్ద కష్టమున్నోళ్లకు రజా దొరికిందన్నది కాదు లెక్క. ఎవరి చీటీలో లెక్క సరిగ్గా ఉందో వాళ్లది మేనేజర్ దగ్గరికి పోయి సంతకంతో తిరిగి వచ్చేది.

చీటీలు ఎట్లా ఉండేవో చెప్తాను. సగం చీటీలు బతిమాలుకునేవి: "అయ్యా, మీ కాళ్లు మొక్కుతా, పిల్లలు గలోణ్ణి, దయచూపండి." కొన్ని కథలు చెప్పేవి. ఒకాయన అమ్మమ్మ మూడేండ్లలో నాలుగుసార్లు చచ్చిపోయింది. మరికొన్ని కోపంతో ఉండేవి: "నిరుడు కూడా ఇయ్యలేదు, ఈసారి ఇయ్యకుంటే చూస్కుంటా." ఈ మూడిటిలోనూ ఉండనిది ఒకటే, తారీఖులు. ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, ఎన్ని రోజులు, ఖాతాలో ఎన్ని రజాలున్నయి. బతిమాలితే "ఈసారి కాదులే" అనడం సులువు. కోపంగా రాస్తే ఆ కోపమే కాదనడానికి కారణమైతది. తారీఖులూ లెక్కా ఉన్న చీటీని కాదనాలంటే మాత్రం అవతలోళ్లు కూడా ఏదో ఒక లెక్క చూపించాలె.

జాబర్ కష్టం కూడా తెలుసుకోవాలె. పాళీకి మనిషి తక్కువైతే ఫ్రేము నిలబడ్తది, మేనేజర్ అడిగేది జాబర్‌నే. హాజరీ బోనస్ అని పెట్టిందే మనుషులు రజా అడగకుండా ఉండటానికి. జాబర్ "కుదరదు" అంటే చాలాసార్లు దానర్థం "బద్లీ మనిషిని నేనెక్కడ తేవాలె" అని. ఆ ప్రశ్నకు జవాబు మన చీటీలోనే ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఒకరి విషయం తీసుకుందాం. రింగ్ ఫ్రేము మీద పనిచేసే మనిషి, రెండో పాళీ. సిరిసిల్లలో 21 ఫిబ్రవరి 2026 నాడు అక్క బిడ్డ పెళ్లి. మేనమామ కాబట్టి ముందే పోవాలె, పెళ్లయినంక కూడా రెండు మూడు దినాలు ఉండాలె.

ముందు లెక్క. ఆయన 2025లో 262 రోజులు పనిచేసిండు. ఫ్యాక్టరీల చట్టం, 1948 ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో కూడిన రజా మరుసటి ఏడాదికి వచ్చేది. కొత్త లేబర్ కోడ్‌లో ఆ 240ని 180 చేసిండ్రు, 20కి ఒకటి అన్నది మారలేదు. 262ని 20తో భాగిస్తే 13 రోజులు, కొంచెం మిగులు. ఆ మిగులు అరరోజుకు తక్కువైతే వదిలేస్తరు, అరరోజో ఇంకా ఎక్కువో అయితే ఒక రోజు కింద కడ్తరు. ముందటేడు వాడుకోకుండా మిగిలినవి 5. మొత్తం 18. మిగిలిన రజాలు 30 దాకా ముందుకు వస్తయి.

తరువాత తారీఖులు. గురువారం 19 నుంచి బుధవారం 25 దాకా. మధ్యలో 22 ఆదివారం ఆయన వారపు సుట్టీ. వారపు సుట్టీ రజాలో లెక్కకు రాదు. అంటే ఏడు దినాలు ఊర్లో ఉన్నా, పోయేవి ఆరు రజాలే. చాలామంది ఏడు అని రాస్తరు, ఆఫీసు ఏడూ కోస్తది. ఎవరికీ తెలియకుండా ఒక రోజు పోతది.

చీటీ ఇచ్చే రోజు కూడా ముఖ్యం. 1948 చట్టంలో రాసింది, రజా మొదలయ్యే దినానికి కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలె అని. మిల్లు ఆఫీసులు ఆ లెక్కకే అలవాటు పడినయి. ఏడాదిలో మూడుసార్లకంటే ఎక్కువగా ముక్కలు చేసి వాడుకోవద్దని కూడా అందులో ఉండేది. కాబట్టి ఈ మనిషి 2 ఫిబ్రవరి, సోమవారం నాడే ఇయ్యాలె. పెళ్లి పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే గడువు దాటిపోతది. లగ్నం పెట్టుకున్న దినమే చీటీ రాయండి.

చీటీ ఇట్ల ఉంటే చాలు:

"మేనేజర్ గారికి. రింగ్ ఫ్రేము ఖాతా, రెండో పాళీ, టోకెన్ నంబర్ ఫలానా. నా అక్క కూతురి పెళ్లి 21-2-2026న సిరిసిల్లలో ఉంది. 19-2-2026 నుంచి 25-2-2026 వరకు, 22వ తేదీ వారపు సెలవు పోను, 6 రోజులు జీతంతో కూడిన సెలవు ఇవ్వగలరు. నా ఖాతాలో 18 రోజులు ఉన్నవి. ఈ సంవత్సరంలో ఇది మొదటి సెలవు. నా ఫ్రేముల మీద పని తెలిసిన బద్లీ మనిషితో మాట్లాడాను, ఆ తేదీల్లో రావడానికి ఒప్పుకున్నాడు. 26-2-2026 గురువారం నా పాళీకి హాజరవుతాను."

కింద సంతకం, తారీఖు, ఫోన్ నంబర్. ఇంతే. దీన్ని మరాఠీలో రాయించండి, ఆఫీసు చదివేది అదే. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలు రాసిపెడ్తరు.

ఇందులో "దయచూపండి" లేదు, "హక్కు" అన్న మాట కూడా లేదు. "ఖాతాలో 18 రోజులు ఉన్నవి" అన్న వాక్యమే హక్కును చెప్తది. చట్టం సెక్షన్ నంబర్లు మొదటి చీటీలోనే రాసేటోళ్లుంటరు, నాకు అది నచ్చదు. అడగకముందే కొట్లాటకు పోయినట్టుంటది. అవి రెండో చీటీకి దాచిపెట్టుకోండి. బద్లీ వాక్యం కూడా మనిషితో నిజంగా మాట్లాడినంకనే రాయండి. జాబర్ అదే సాయంత్రం ఫోన్ చేసి అడుగుతడు.

ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకపోండి. ఒకటి వాళ్లకు. రెండోదాని మీద "ముట్టింది" అని సంతకం, తారీఖు వేయించుకోండి. సంతకం పెట్టమంటే, ఆ దినమే ఫోటో తీసి సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పంపండి, లేదా స్పీడ్ పోస్టులో మిల్లు పేరుకు వేయండి. రసీదు పారేయకండి.

జాబర్ దగ్గర మాట ఇట్ల నడుస్తది:

"అందరూ పోతే మిల్లు ఎవరు నడపాలె?"

"అన్నా, 19 నుంచి 25 దాకా నాకు పోవాల్సి ఉంది. బద్లీ మనిషి ఉన్నడు. చీటీ ఆఫీసుల ఇచ్చిన."

"రెండు రోజులు తీస్కో, చాలు."

"రెండు రోజులు పోయిరావడానికే అయితయన్నా. ఆరు రోజులు కావాలె, 26కు పాళీకొస్త."

అదే మాట, అదే తారీఖులు, గొంతు పెంచకుండా. "పోయినసారి వాడికిచ్చిండ్రు గదా" అని ఇంకొకరి పేరు తీస్తే మాట అటువైపు మళ్లిపోతది, మన తారీఖులు మరుగున పడ్తయి. నిజంగానే తగ్గించుకోగలిగితే ఎంతవరకో ఇంటికాడనే నిర్ణయించుకొని పోండి. ఈయనకు 24 దాకా చాలు అనుకుంటే ఐదు రోజులకు ఒప్పుకోవచ్చు, కాని అప్పుడు మారిన తారీఖులు చీటీ మీద రాయించుకోవాలె. నోటిమాట మీద పోయి వచ్చినోళ్లను "చెప్పకుండా పోయిండు" అని హాజరీలో రాసిన సంగతులు నాకు తెలుసు.

మంజూరైతే ఒక సంగతి అడగండి. నాలుగు రోజులకు తక్కువ కాని రజాకు, ఆ రజా జీతం పోయేముందే ఇయ్యాలె అని 1948 చట్టంలో ఉండేది. పెళ్లి ఖర్చుల్లో ఆ డబ్బు అక్కరకొస్తది. అడిగినోళ్లకు తప్ప ఇచ్చిన మిల్లును నేను చూడలేదు.

కాదంటే? "ఏ కారణం మీద ఇయ్యలేకపోతున్నరో చీటీ మీద రాసియ్యండి" అని అడగండి. ఇది అడగడానికి భయపడ్తరు మనోళ్లు, కాని దీని వెనక పెద్ద లాభముంది. రాతపూర్వకంగా అడిగి, కాదన్న రజా ఆ 30 రోజుల పరిమితికి లోబడదు, పరిమితి లేకుండా ముందుకు వస్తది. కొత్త కోడ్‌లో కూడా ఆ మాట ఉంది. నోటితో అడిగి నోటితో కాదనిపించుకుంటే మాత్రం ఏడాది చివర్లో మీరు అడిగినట్టే ఉండదు. రెండో చీటీలో తారీఖులు మళ్లీ రాసి, "నా మొదటి అర్జు 2-2-2026న ఇచ్చాను, గడువు లోపలే ఉంది" అని ఒక్క వాక్యం చేర్చండి. యూనియన్ ఉంటే ఆ రెండు కాగితాలు పట్టుకొని పోండి. కాగితం లేకుండా పోతే వాళ్లు మాత్రం ఏం చేస్తరు?

చావు కబురుకు 15 రోజుల గడువు పెట్టలేం. అప్పుడు ఫోన్ చేసి, వెంటనే సందేశం పంపండి: "మా పెద్దనాన్న ఈ ఉదయం చనిపోయిండు. ఊరికి పోతున్న. మూడు రోజులు రజా కావాలె, ఫలానా తారీఖు పాళీకొస్త. చీటీ వచ్చినంక ఇస్త." ఊర్లో ఇంకో రెండు దినాలు ఉండాల్సి వస్తే, రజా అయిపోకముందే మళ్లీ సందేశం పంపాలె. రజా గడువు దాటినంక ఎనిమిది రోజుల్లోపు వచ్చి కారణం చెప్పుకోకుంటే నౌకరి మీది హక్కు పోతదని స్టాండింగ్ ఆర్డర్ల నమూనాలో ఉంది. మీ మిల్లు గేటు కాడ బోర్డు మీద ఎన్ని రోజులుందో చదువుకోండి. జ్వరమొచ్చి పడుకుంటే దారి వేరు. ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ మొదటి దినమే తీసుకోవాలె. కోలుకున్నంక పోయి అడిగితే పాత తారీఖు వేసి ఇయ్యరు.

ఈ లెక్కలన్నీ చట్టం కిందికొచ్చే మిల్లులకే. పది మగ్గాల షెడ్డులో నలుగురైదుగురు పనిచేసే చోట ఇవి పనికిరావు. ఒకే షెడ్డును ముగ్గురన్నదమ్ముల పేర్ల మీద ముక్కలు చేసి నడిపే సేట్లూ ఉన్నరు. అక్కడ జీతంతో రజా దొరకదు. అయినా తారీఖులు ముందే చెప్పి, బద్లీని చూపించి, ఫోన్‌లో ఒక సందేశం పెట్టి పోయినోళ్ల మగ్గం, వచ్చేసరికి వాళ్లకే ఉండటం మన గల్లీలోనే చూస్తున్నం.

వచ్చే నెల హాజరీ బోనస్ కోతల గురించి రాస్తాను. మీ జీతం చీటీలు ఉంటే జిరాక్సు తీసి పత్రిక ఆఫీసులో ఇయ్యండి, పేరూ టోకెన్ నంబరూ కొట్టేసి.