‘దిగుబడి’ మాట వెనక ఏముంది?

గుంటూరులో విత్తనాల దుకాణానికి వెళ్తే పత్తి ప్యాకెట్లు రకరకాల రంగుల్లో కనిపిస్తాయి. ధర మాత్రం ఇంచుమించు ఒకటే. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ ధరను 2006లో రాష్ట్ర ప్రభుత్వం 750 రూపాయలకు దించింది. 2016 నుంచి గరిష్ఠ ధరను కేంద్రమే నిర్ణయిస్తోంది. అయినా రైతు ఒకే బ్రాండు కోసం నాలుగు దుకాణాలు తిరుగుతాడు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒకటే: ‘దిగుబడి బాగుంటుందండీ’.

ఆ జవాబుతో కంపెనీకి ఒరిగేదేమీ లేదు. పక్క బ్రాండు కొన్నవాడూ అదే చెబుతాడు. అందుకే అనుభవమున్నవాళ్లు ‘ఎందుకు కొన్నారు’ అని అడగరు. కొన్న రోజు కథ చెప్పమంటారు.

పెదనందిపాడు వైపు నాలుగెకరాల రైతు ఉన్నాడనుకుందాం. కొని రెండు నెలలే అయింది కాబట్టి అన్నీ గుర్తున్నాయి. ‘బాబాయ్, బ్రాండు మార్చాలని మొదట ఎప్పుడనిపించింది?’ అంటే జూన్‌లో కాదు, జనవరిలోనట. పత్తి పగిలి చేలోనే ఉంది. కూలీలు మాత్రం పక్కచేనికి వెళ్లిపోయారు. కిలో లెక్కన కూలి కదా, అక్కడ కాయ పెద్దది, చేతికి తేలిగ్గా వస్తుంది. తర్వాత బస్సులో ఆ చేను రైతు కలిస్తే విత్తనం పేరు కనుక్కున్నాడు. చివరికి, ఎప్పుడూ అరువిచ్చే దుకాణంలో అది దొరక్కపోతే, వేరేచోట నగదు పెట్టి కొన్నాడు.

ఇక్కడే ఆగి చూడాలి. అరువు వదులుకున్నాడంటే కారణం గట్టిదే. విత్తనంతో అతను చేయించుకోవాలనుకున్న పని, కూలీలను చేనికి రప్పించడం. హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్సన్ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇదే: మనిషి సరుకు కొనడు, ఓ పని చేసిపెట్టమని దాన్ని పెట్టుకుంటాడు.

అయితే ఒక్క కథను నమ్మకూడదు. అమెరికా మానవ శాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ వరంగల్ పల్లెల్లో పత్తి రైతుల్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2007లో ఓ వ్యాసం ప్రచురించారు. సొంత చేలో పరీక్షించి ఎంచుకున్నవాళ్లకంటే ఇరుగుపొరుగును చూసి కొన్నవాళ్లే ఎక్కువని అందులో తేల్చారు. ఊరికో బ్రాండు మోజు, ఏడాది తిరిగేసరికి మరోటి. అలా కొన్నవాడికి కాయ సైజుతో పనిలేదు. పంట పోయినా ‘అందరూ వేశారుగా’ అనుకునే ధైర్యం కావాలి.

కాబట్టి ఊళ్లు మార్చి పది పదిహేనుమందితో మాట్లాడాలి. దుకాణదారు పక్కనుండకూడదు. ఏ కంపెనీ తరఫునో ముందే చెబితే పొగడ్తలే వస్తాయి. మనిషి, రోజు, చోటు లేని జవాబు వస్తే అది కథ కాదు, మర్యాద. ఒకే కథ మూడు నాలుగు ఊళ్లలో వినిపించాక, అలాంటివాళ్లు ఎందరున్నారో సర్వేలో లెక్క తీయాలి. ఇంటర్వ్యూ కారణం చెబుతుందే గానీ సంఖ్య చెప్పదు.

లెక్కలోనూ కూలీల బాధే పైకొస్తే, గోడమీద ప్రకటనలో ఎకరాకు ఇన్ని క్వింటాళ్లన్న అంకె తీసేసి, పగిలిన పెద్ద కాయ మీద పత్తి తీసే చెయ్యి బొమ్మ వెయ్యొచ్చు.